సెలవుల పేజీ చూసి రాసిన ఉత్తరం

ఉద్యోగ విరమణ రోజున భార్యకో భర్తకో ఏం చెప్పాలో రాయమని సంపాదకులు అడిగారు. గడువు మూడు రోజులు. ఆ వారమే ఉద్దానంలో మా అక్క రిటైర్మెంట్. 36 ఏళ్లు పంతులమ్మగా చేసింది. బావది కొబ్బరి తోట.

"ఒరే, మీ అక్క గురించి నాలుగు ముక్కలు రాసియ్యి, సభలో చదువుతాను" అన్నాడు బావ. రాసిచ్చాను. చదివి మడతపెట్టి తిరిగిచ్చేశాడు. "ఇది ఏ టీచరుకైనా సరిపోద్దిరా. సన్మాన పత్రంలాగుంది."

ఆయన మాట నిజమే. సన్మాన పత్రాల మీద నాకూ నమ్మకం తక్కువ. వాటిలో పేరు మారుతుంది గానీ 'కర్తవ్య నిష్ఠ' మారదు.

పింఛను పని కోసం తీయించిన సర్వీసు రిజిస్టరు నకలు బల్ల మీదే ఉంది. బావ సెలవుల పేజీ తిప్పాడు. 1993లో ఒక పద్దు: ప్రసూతి సెలవు, 90 రోజులు. అప్పట్లో అంతే ఇచ్చేవారు. అది 1995లో 120 రోజులైంది, 2010లో 180. బావ ఆ పద్దు మీద వేలుంచి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కలం తీసుకుని తనే రాశాడు:

"తొంభై ఒకటో రోజు పొద్దున్న పిల్లని మా అమ్మ చేతికిచ్చి సీతంపేట బయల్దేరావు. శనివారం సాయంత్రం వచ్చేదానివి. బడిలో పాలొచ్చి జాకెట్టు తడిస్తే కొంగు కప్పుకుని పాఠం చెప్పానని పిల్ల పెళ్లినాడు చెప్పావు. అంతవరకు నాకు తెలీదు. అడగలేదు కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి తోట పడిపోయింది. శ్రీకాకుళంలో స్థలం కొనుక్కుంటానని దాచిన పీఎఫ్ తీసి, పడిన చెట్లు తీయించి మొక్కలు వేయించావు. నీ స్థలం నా తోటయింది. అవి కాపుకొచ్చాయి. రేపట్నించి మొదటి బొండం నీది."

నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

ఇక విరమణ వయసు చరిత్ర రెండు ముక్కల్లో. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు అది 58 నుంచి 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. పెరిగిన ఆ నాలుగేళ్లూ ఇంటివాళ్లు కూడా ఎదురుచూసినవే.

పింఛను కాగితాలు పెట్టేవారికి
దంపతుల ఉమ్మడి ఫోటో కావాలి. కుటుంబ పింఛను వచ్చేది జీవిత భాగస్వామికే గనక వారి పేరు, పుట్టిన తేదీ రిజిస్టరులోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. తేడా ఉంటే ఫైలు వెనక్కొస్తుంది. రిజిస్టరు నకలు ఎలాగూ చేతికొస్తుంది. ఆ రోజు సెలవుల పేజీ ఇద్దరూ కలిసి చదవండి.

సభలో బావ సగం చదివి ఆగిపోయాడు. మిగతా సగం అక్క తీసుకుని తనే చదివింది. ఆ కాయితం ఇప్పుడు పింఛను ఫైల్లో, ఇద్దరి ఫోటో వెనకాల ఉంది.