చుండ్రు షాంపూకి మూడు నిమిషాలు ఇవ్వండి

మందుల షాపులో ఖరీదైన సీసా కొని, నురగ రాగానే కడిగేసుకుని, చుండ్రు తగ్గలేదనేవాళ్లే ఎక్కువ. చుండ్రుకు ప్రధాన కారణం మలసీజియా అనే ఫంగస్. అది మాడు మీది జిడ్డును తిని బతుకుతుంది. కాబట్టి మందు పట్టాల్సింది జుట్టుకు కాదు, మాడుకు.

కీటోకోనజోల్ 2 శాతం షాంపూ ఫంగస్‌ను నేరుగా దెబ్బతీస్తుంది. మొండి చుండ్రుకు వారానికి రెండుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడతారు. జింక్ పైరిథియోన్ కాస్త మృదువైనది, తేలికపాటి చుండ్రుకు చాలు. సెలీనియం సల్ఫైడ్ ఫంగస్‌తోపాటు పొట్టు రాలే వేగాన్నీ తగ్గిస్తుంది. కానీ రంగు వేసిన జుట్టు, నెరిసిన జుట్టు రంగు మారవచ్చు. వెండి ఉంగరాలు నల్లబడతాయి, ముందే తీసేయండి.

నూనె, దుమ్ము ఉంటే ముందు మామూలు షాంపూతో కడగండి. తర్వాత తడి జుట్టును పాయలుగా విడదీసి, మందు షాంపూను వేళ్ల కొసలతో మాడుకు రుద్దండి. గోళ్లు తగలనివ్వొద్దు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడిగేయండి. సెలీనియానికి రెండు మూడు నిమిషాలు చాలు.

నాలుగు వారాలకూ తగ్గకపోయినా, మాడు ఎర్రబడి మందంగా పొట్టు కట్టినా చర్మవైద్యుణ్ని కలవండి. అది సోరియాసిస్ కావచ్చు.