నూట ఒకటో బామ్మ ఖరీదు 11 కోట్లు

తెర మీద ఒక పెద్ద కుకీ ఉంటుంది. దాన్ని నొక్కితే మీ ఖాతాలో ఒక కుకీ పడుతుంది. ఇంకోసారి నొక్కితే ఇంకొకటి. పదిహేను పోగయ్యాక ఒక కర్సర్ కొనుక్కోవచ్చు. అది పది సెకన్లకోసారి మీ బదులు నొక్కుతుంది. నూరు పోగయ్యాక ఒక బామ్మను పెట్టుకోవచ్చు. ఆవిడ సెకనుకో కుకీ చేసిపెడుతుంది. ఓర్టీల్ అనే మారుపేరుతో ఆటలు రాసే జూలియన్ తియెన్నో అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ 2013 ఆగస్టులో వెబ్‌లో పెట్టిన ‘కుకీ క్లిక్కర్’ ఇలా మొదలవుతుంది. ఇందులో ఓడిపోవడమంటూ లేదు. అంకె పెరుగుతూ పోతుంది, మనం చూస్తూ ఉంటాం. ఈ రకం ఆటలకు ఐడిల్ గేములనీ, ఇంక్రిమెంటల్ గేములనీ పేర్లు.

ఇంత సాదా ఆటను జనం నెలల తరబడి వదలకుండా ఎందుకు ఆడతారన్నదానికి మనస్తత్వ శాస్త్రం దాకా వెళ్లక్కర్లేదు. ధరల లెక్క చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఆ లెక్కంతా 1.15 అనే ఒక్క గుణకం మీద నడుస్తుంది. ఒక బామ్మను కొన్న ప్రతిసారీ తర్వాతి బామ్మ ధర 15 శాతం పెరుగుతుంది:

```
ధర = 100 × 1.15^n     (n = ఇప్పటికే ఉన్న బామ్మలు)
```

మొదటి బామ్మ 100 కుకీలు. పదకొండో బామ్మ 405. యాభై ఒకటో బామ్మ సుమారు 1.08 లక్షలు. నూట ఒకటో బామ్మ 11.74 కోట్లు. ఐదుగురిని కొనేసరికి ధర రెట్టింపవుతుంది. పదహారు పదిహేడు మందిని కొనేసరికి ధర వెనకాల ఒక సున్నా చేరుతుంది. బామ్మ చేసే పని మాత్రం మారదు. నూట ఒకటో ఆవిడ కూడా సెకనుకు ఒక్క కుకీయే చేస్తుంది.

అంటే పెట్టుబడి తిరిగి రావడానికి పట్టే కాలం ఎలా సాగుతుందో చూడండి. మొదటి బామ్మ తన ఖరీదును 100 సెకన్లలో తీర్చేస్తుంది. యాభై ఒకటో బామ్మకు ముప్పై గంటలు కావాలి. నూట ఒకటో బామ్మకు మూడేళ్ల ఎనిమిది నెలల పైమాటే. అందుకే ఆట మధ్యమధ్యలో ఊపిరి పోస్తుంది. బామ్మల సంఖ్య 1, 5, 25, 50, 100 చేరినప్పుడల్లా ఒక అప్‌గ్రేడ్ తెరుచుకుంటుంది. దాన్ని కొంటే బామ్మలందరి పనీ రెట్టింపవుతుంది. ఐదూ కొంటే 32 రెట్లు. అప్పుడు ఆ మూడేళ్ల పైచిలుకు కాస్తా నలభై రెండు రోజులకు దిగుతుంది. అదైనా ఎవరు ఆగుతారు? పక్కనే పొలం ఉంది, గని ఉంది, ఫ్యాక్టరీ ఉంది. మొదటి పొలం ఖరీదు 1,100, సెకనుకు 8 కుకీలు ఇస్తుంది, 138 సెకన్లలో గిట్టుబాటు. అప్‌గ్రేడ్లు పక్కన పెట్టి చూస్తే, నాలుగో బామ్మను కొనేకంటే మొదటి పొలం కొనడమే లాభం. తెలివైన ఆటగాడు లోలోపల చేసే లెక్క ఇదే: ధరను సెకను రాబడితో భాగించి, ఏది తక్కువైతే అది కొను.

రాబడి కూడికతో పెరుగుతుంది, ధర గుణకారంతో పెరుగుతుంది. ఈ పరుగులో ధరదే ఎప్పుడూ పైచేయి. కాబట్టి ఏ వస్తువైనా కొంతదూరం వెళ్లాక ఆగిపోతుంది, పై మెట్టు వస్తువు అందుకుంటుంది, అంకెలకు సున్నాలు చేరుతూ పోతాయి. గుణకాన్ని 1.15 బదులు 1.07 పెడితే ధర రెట్టింపు కావడానికి ఐదు కాదు, పది కొనుగోళ్లు పడతాయి. ఆట మెత్తబడుతుంది. 1.3 పెడితే మూడో కొనుగోలుకే ధర రెట్టింపు దాటి ఆటగాడు విసిగిపోతాడు. ఇలాంటి ఆట రాసేవాళ్లు ఎక్కువ కాలం గడిపేది బొమ్మల దగ్గర కాదు, ఈ దశాంశ స్థానాల దగ్గర.

ఇక సున్నాలు చేరిపోయిన అంకెను చూపించాలి కదా. 117431345 అని రాస్తే కన్ను నిలవదు. కామాలు మన పద్ధతిలో పెట్టడం తేలిక. బ్రౌజర్‌కే ఆ విద్య తెలుసు:

```js
new Intl.NumberFormat('te-IN').format(117431345)
// 11,74,31,345
```

కానీ ఇరవై అంకెలు దాటాక కామాలూ ఆదుకోవు. అక్కడ మూడు దారులున్నాయి. మిలియన్, బిలియన్, ట్రిలియన్ అంటూ పేర్లు పెట్టుకుంటూ పోవడం ఒకటి, కుకీ క్లిక్కర్‌ది ఇదే దారి. `1.17e8` అని శాస్త్రీయ పద్ధతిలో రాయడం ఇంకొకటి. పేర్లు అయిపోయాక `aa`, `ab` అని అక్షరాల జంటలు తగిలించడం మూడోది. తెలుగులో ఆట రాస్తే లక్ష, కోటి, లక్ష కోట్లు దాకా హాయిగా వెళ్తాం. ఆ తర్వాత వాడుకలో పేర్లు లేవు. పుస్తకాల్లో ఉన్నాయి. పావులూరి మల్లన తెలుగు చేసిన మహావీరాచార్యుల గణితసార సంగ్రహంలో స్థానాలు ఇరవై నాలుగు, చివరిది మహాక్షోభం. అంటే 1 పక్కన 23 సున్నాలు. అంత ఉన్నా ఈ ఆటలకు అది చాలదు. పైగా ఖర్వం పెద్దదా పద్మం పెద్దదా అని ఆటగాడు ఆలోచిస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అంకె ఎంతన్నది తెలియడం కన్నా, చేతిలో ఉన్నది ధరకు సరిపోతుందా లేదా అన్నది చప్పున తెలియడమే ఇక్కడ అవసరం. అందుకని నా ఓటు, లక్ష కోట్లు దాటగానే శాస్త్రీయ పద్ధతికే.

పేర్లతో చూపించేటప్పుడు ఒక చిన్న పొరపాటు తరచూ జరుగుతుంది. మీ దగ్గర 99,996 కుకీలున్నాయి. ప్రోగ్రాం దాన్ని వెయ్యితో భాగించి రెండు దశాంశాలకు సవరిస్తే తెర మీద ‘100.00 వేలు’ అని పడుతుంది. చూడ్డానికే తప్పు. అది ‘1.00 లక్ష’ అయ్యేలా దిద్దితే తప్పు ఇంకా ముదురుతుంది. లక్ష ధర ఉన్న వస్తువు ఎదురుగా ఉంటుంది, చేతిలో లక్ష ఉన్నట్టు కనిపిస్తుంది, బటన్ మాత్రం పనిచేయదు. నిజానికి నాలుగు కుకీలు తక్కువ. దీనికి విరుగుడు, చేతిలో ఉన్న సొమ్మును ఎప్పుడూ కిందికి సవరించడం, ధరను పైకి సవరించడం. అప్పుడు తెర ‘99.99 వేలు’ అంటుంది, ఆటగాడు ఒక క్షణం ఆగుతాడు, అపార్థం ఉండదు.

చూపించడం ఒక సంగతి, దాచుకోవడం ఇంకో సంగతి. జావాస్క్రిప్టులో మామూలు అంకెకు 64 బిట్ల చోటుంటుంది. తొమ్మిది వేల లక్షల కోట్లు దాటాక ఒకట్ల స్థానం నమ్మదగినది కాదు:

```js
9007199254740992 + 1   // 9007199254740992
```

దీనికి బెంబేలు పడక్కర్లేదు. అంత సొమ్మున్నవాడి రాబడీ అదే స్థాయిలో ఉంటుంది కాబట్టి ఒక కుకీ పోయినా తెలియదు. అసలు గోడ సుమారు `1.8e308` దగ్గర ఉంది. అది దాటితే అంకె కాస్తా `Infinity` అయిపోతుంది. అందులోంచి ఎంత తీసినా తరగదు. అనంతంలోంచి అనంతం తీస్తే `NaN`, అంటే అంకె కానిది, వస్తుంది. ఆట ఆ స్థితిలో సేవ్ అయితే మరీ ఘోరం. సేవ్ ఫైలుకు మామూలుగా వాడే JSON పద్ధతిలో ఈ రెంటికీ చోటు లేదు, రెండూ `null` అయిపోతాయి. మర్నాడు ఆట తెరిస్తే ఖాతా ఖాళీ.

ఫిన్లాండ్‌లో పుట్టిన ‘యాంటీమ్యాటర్ డైమెన్షన్స్’ అనే ఆట ఈ గోడనే కథలో భాగం చేసుకుంది. అక్కడికి చేరడమే ఆటగాడి మొదటి పెద్ద గెలుపు. ఆ పైన ఆ హద్దును బద్దలు కొట్టే ఘట్టం కూడా ఉంటుంది. బద్దలు కొట్టాక అంకెను రెండు ముక్కలుగా దాచాలి: ముందుండే భాగం ఒకటి, పది ఘాతం ఒకటి. `break_infinity.js` అనే లైబ్రరీ చేసే పని అదే. రెండు అంకెల ఘాతాల మధ్య తేడా పదిహేడు దాటితే కూడిక కూడా చేయదు, పెద్దదాన్నే తిరిగి ఇచ్చేస్తుంది. చిన్నది కలిపినా ఫలితంలో మార్పేమీ ఉండదు కనుక.

మిగిలింది ఆట మూసేసి పడుకున్నప్పటి సంగతి. రాత్రంతా బామ్మలు ఎక్కడో సర్వర్‌లో పిండి కలుపుతున్నారనుకుంటారు చాలామంది. అలాంటిదేమీ లేదు. మూసేటప్పుడు ఆట గడియారం చూసి టైము రాసిపెట్టుకుంటుంది. తెరిచినప్పుడు మళ్లీ చూసి, గడిచిన సెకన్లను రాబడితో గుణిస్తుంది. ఎంత కలపాలన్నదే విధానం. కుకీ క్లిక్కర్ మొదట్లో మీరు లేనప్పుడు ఏమీ ఇవ్వదు. మొత్తం లక్ష కోట్ల కుకీలు చేసి, అన్నీ వదులుకుని మళ్లీ మొదటి నుంచి ఆడేవారికి కొన్ని కొత్త అప్‌గ్రేడ్లు దొరుకుతాయి. వాటిలో ఒకటి కొంటే, మూసిన మొదటి గంట 5 శాతం రాబడి, ఆ తర్వాత అర శాతం వస్తుంది. సెకనుకు లక్ష కుకీల రాబడి ఉన్నవాడు ఎనిమిది గంటలు నిద్రపోతే మొదటి గంటకు 1.8 కోట్లు, మిగతా ఏడు గంటలకు 1.26 కోట్లు, వెరసి 3.06 కోట్లు. తెరిచి ఉంచితే 288 కోట్లు వచ్చేవి. పిసినారితనంలా కనిపిస్తుంది గానీ, పూర్తిగా ఇచ్చేస్తే పొద్దున్నే కొనడానికి ఏమీ మిగలదు. మొత్తం ఇచ్చే ఆటలూ ఉన్నాయి, వాటిలో ధరల నిచ్చెన ఇంకా నిటారుగా ఉండాలి.

గడియారాన్ని నమ్ముకుంటే మోసమూ ఉంటుంది. ఫోన్‌లో తేదీ ఒక నెల ముందుకు జరిపితే నెల రాబడి. తర్వాత తేదీ సరిచేసుకుంటే గడిచిన కాలం మైనస్‌లోకి పోయి, జాగ్రత్త పడని ఆట ఉన్న కుకీలను కోసేస్తుంది. కనీసం మైనస్ వస్తే సున్నాగా తీసుకోవాలి. ఒంటరిగా ఆడే ఆటలో అంతకు మించి పోలీసు పని అనవసరమని నా ఉద్దేశం.

గుణకారం పూర్తిగా దెబ్బతినేది యంత్రాలు యంత్రాలను తయారుచేసే ఆటల్లో. సెకనుకు ఒక నాణెం ఇచ్చే యంత్రాలు పది ఉన్నాయనుకోండి. వాటిని సెకనుకొకటి చొప్పున తయారుచేసే పెద్ద యంత్రం ఒకటుంది. పది గంటలు ఆట మూసేశారు, అంటే 36,000 సెకన్లు. మూసినప్పటి రాబడితో గుణిస్తే 3.6 లక్షల నాణేలు. నిజంగా రావలసినవి 64.8 కోట్ల పైచిలుకు, ఎందుకంటే యంత్రాలు ఈలోగా పదినుంచి ముప్పై ఆరు వేలకు చేరాయి. ఆటగాడికి ఈ తప్పు ఇట్టే తెలిసిపోతుంది: తెరిచి ఉంచిన పదిహేను నిమిషాల్లో వచ్చినంత కూడా పది గంటల నిద్రకు రాలేదేమని అడుగుతాడు. ఇంత చిన్న అమరికైతే సూత్రంతో తేల్చేయవచ్చు. యంత్రాల వరసలు పెరిగి, మధ్యలో ఆటోమేటిక్ కొనుగోళ్లు కూడా ఉంటే సూత్రం కుదరదు. అప్పుడు కాలాన్ని ముక్కలు చేసి ఆటను వేగంగా నడిపించాలి. పది గంటలను 36 సెకన్ల చొప్పున వెయ్యి ముక్కలు చేస్తే పై లెక్కలో తగ్గేది ఆరున్నర లక్షల నాణేలు, అంటే వెయ్యింట ఒక వంతు. ముక్కలు పెంచితే తేడా ఇంకా తగ్గుతుంది. దానికి బదులు, తెరిచిన వెంటనే ఆట కదలకుండా తిరిగే చక్రాన్ని ఆటగాడు మరికాసేపు చూడాల్సి వస్తుంది.