చూడని దొరసాని కోసం

12వ శతాబ్దపు ఫ్రెంచ్ ప్రభువు, కవి జోఫ్రే రుడెల్ తాను ఎన్నడూ చూడని ట్రిపోలీ దొరసానిని ప్రేమించాడట. యాత్రికుల పొగడ్తలే ఆ ప్రేమకు ఆధారం. ఆమె కోసం ఓడెక్కి, దారిలో జబ్బుపడి, చివరికి ఆమె చేతుల్లోనే కన్నుమూశాడట. ఆమె ఆ రోజే సన్యాసినిగా మారిందట.

ఇది చాలావరకు కల్పితగాథే. అతని పాటల్లో ప్రియురాలికి పేరే లేదు. వాటి నుంచే తర్వాతివాళ్లు ఈ కథ అల్లి ఉంటారు. ఆ పాటల్లో ప్రేమను బతికించేది దూరమే. ఆరాధించే కవి గొంతు తప్ప ఆమె మాట వినిపించదు. నాకు బాధ కలిగించేది అదే.

2000లో కైయా సారియాహో స్వరపరచిన ఒపెరాకు అమీన్ మాలూఫ్ ఇదే కథను రాశాడు. అందులో ఆమెకు గొంతు దక్కింది. కవి పాడుతున్న ఆ స్త్రీ తానేనా అని ఆమె తనను తాను ప్రశ్నించుకుంటుంది.