వంద షేర్లు కొనకుండానే కవర్డ్ కాల్

అమెరికాలో ఉద్యోగం చేస్తూ ఆప్షన్లలో చెయ్యి పెట్టిన మనవాళ్లకి కవర్డ్ కాల్ కొత్తేమీ కాదు. చేతిలో వంద షేర్లుంటే, వాటిమీద నెలకో కాల్ అమ్మి ప్రీమియం తీసుకుంటారు. చిక్కల్లా ఆ వంద షేర్ల దగ్గరే. షేరు 200 డాలర్లు ఉందంటే ముందుగా 20,000 డాలర్లు పెట్టాలి. అంత పెట్టలేనివాళ్లు షేర్ల బదులు ఏడాదికి పైగా గడువున్న కాల్ ఒకటి కొని, దాని అండతో నెలవారీ కాల్ అమ్ముతారు. అక్కడ దీన్ని ముద్దుగా ‘పూర్ మ్యాన్స్ కవర్డ్ కాల్’ అంటారు. పొలం కొనకుండా దీర్ఘకాలానికి కౌలుకు తీసుకుని, పంట పంటకీ ఇంకొకరికి ఇచ్చుకోవడం లాంటిదే ఇది. ఇలాంటి దీర్ఘకాలిక ఆప్షన్లని షికాగో ఎక్స్ఛేంజి 1990లో ‘లీప్స్’ పేరుతో తెచ్చింది.

ఊహించుకున్న అంకెలతో ఒక లెక్క వేద్దాం. షేరు ధర 200. ఏడాదిన్నర గడువుతో 150 స్ట్రైక్ ఉన్న కాల్ 64 డాలర్లకి దొరికింది. అందులో 50 డాలర్లు అసలు విలువ, మిగతా 14 కాలానికి కట్టే ధర. ఇంత లోతైన స్ట్రైక్ ఎంచుకోవడానికి కారణముంది. షేరు ఒక డాలరు పెరిగితే ఈ కాల్ 87 సెంట్ల దాకా పెరుగుతుంది, అంటే ఇంచుమించు షేరులాగే నడుస్తుంది. చవగ్గా వస్తోందని 200 స్ట్రైక్ కొంటే ఆ ధరంతా కాలానిదే, రోజురోజుకీ కరిగిపోతుంది. ఇప్పుడు 35 రోజుల గడువున్న 215 కాల్‌ని 3 డాలర్లకి అమ్ముదాం. నికరంగా పెట్టింది 61. ఒక్కో కాంట్రాక్టుకి వంద షేర్లు కాబట్టి 6,100 డాలర్లు.

ఆర్డరు పెట్టేముందు తప్పనిసరిగా చూడాల్సిన లెక్క ఒకటుంది. రెండు స్ట్రైకుల మధ్య తేడా పెట్టిన డబ్బుకంటే ఎక్కువుండాలి. ఇక్కడ తేడా 65, పెట్టింది 61. రేపు షేరు ఒక్కసారిగా 260కి ఎగిరినా కనీసం 400 డాలర్లు మిగులుతాయి. ఈ తేడా తక్కువైతే, షేరు పెరుగుతుందన్న మన అంచనా నిజమైనా నష్టం రావచ్చు.

అసలు దెబ్బ షేరు పడినప్పుడు తగులుతుంది. షేరు 160కి దిగిందనుకోండి. మొదట అమ్మిన కాల్ విలువ లేకుండా ముగిసింది, ఆ 3 డాలర్లు మనవే. కానీ 64కి కొన్నది 32 దగ్గర ఉంది. షేర్లు కొన్నవాడు పోగొట్టుకున్నది తన డబ్బులో అయిదోవంతు, మనకి పోయింది దాదాపు సగం. మళ్లీ 215 కాల్ అమ్మబోతే పైసలు కూడా రావు. అందుకని చాలామంది 170కి దిగి, 3 డాలర్లు తీసుకుంటారు. నా దృష్టిలో ఈ వ్యూహంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు ఇదే. అదే నెలలో షేరు తిరిగి 200కి వస్తే పొడుగు కాల్ 62 అవుతుంది, కానీ అమ్మిన కాల్‌కి 30 చెల్లించాలి. మిగిలేది 32, నికరంగా పెట్టింది 58. షేరు మొదలైన చోటికే చేరింది, మనకి మాత్రం 2,600 డాలర్ల నష్టం. షేరు పడ్డాక ఒకటి రెండు నెలలు ఏమీ అమ్మకుండా ఊరుకోవడం, లేదా నష్టం ఒప్పుకుని బయటపడటం దీనికంటే నయం.

డివిడెండు సంగతి వేరు. పొడుగు కాల్ చేతిలో ఉన్నంతమాత్రాన డివిడెండు రాదు. పైగా అమెరికన్ స్టాక్ ఆప్షన్లని గడువుకి ముందే వాడుకోవచ్చు. మనం అమ్మిన కాల్ స్ట్రైకుని షేరు దాటిపోయి, దానిలో మిగిలిన కాలం ధర రాబోయే డివిడెండు కంటే తక్కువైతే, ఎక్స్-డివిడెండు తేదీకి ముందురోజే అవతలివాడు షేర్లు అడిగేసే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు మన ఖాతాలో వంద షేర్లు మైనస్ కనిపిస్తాయి, ఆ డివిడెండు కూడా మనమే కట్టుకోవాలి. కంగారుపడి పొడుగు కాల్‌ని ఎక్సర్‌సైజ్ చేస్తే అందులో మిగిలిన కాలం ధర గంగపాలు. దాన్ని మార్కెట్లో అమ్మేసి, వంద షేర్లు కొని లెక్క సరిచేస్తే ఆ డబ్బు దక్కుతుంది. ఆ తేదీకి ముందే అమ్మిన కాల్‌ని కొనేసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇదే పని మన దేశంలో చేద్దామంటే కుదరడం కష్టం. ఇక్కడ స్టాక్ ఆప్షన్లకి గడువు మూడు నెలలే. నిఫ్టీలో ఏళ్ల గడువున్నవి ఉన్నా, దూరపు గడువుల్లో కొనుగోలు, అమ్మకం ధరల మధ్య ఎడం ఎక్కువ. దానికి తోడు, ఈ నెలది అమ్మి దూరపుది కొన్న జోడీకి ఇచ్చే మార్జిన్ తగ్గింపుని, దగ్గరి గడువు ముగిసే రోజున సెబీ 2025 ఫిబ్రవరి నుంచి తీసేసింది. ఆ రోజు దాకా పొజిషన్ ఉంచుకోవాలంటే అదనపు డబ్బు ఖాతాలో సిద్ధంగా ఉండాలి.