అరకు నుంచి రాత్రి బండి, పదింటికి గేటు

విశాఖలో డార్మిటరీలో దిగి, మర్నాడు రైల్లో అరకు వెళ్లొద్దామని పన్నెండు మంది విద్యార్థులు అనుకున్నారనుకుందాం. మంచానికి రోజుకు 500 చొప్పున రెండు రాత్రులకు తలా వెయ్యి. లెక్క బాగానే ఉంది. చిక్కల్లా గేటు దగ్గరే. తిరుగు కిరండూల్ ప్యాసింజర్ విశాఖ చేరేసరికే రాత్రవుతుంది, ఘాట్‌లో ఆలస్యమైతే పది దాటొచ్చు. అందుకే డబ్బు కట్టేముందే గేటు మూసే వేళ అడగండి. ఆలస్యంగా వస్తే తలుపు తీస్తామన్న మాటను, రాత్రి కాపలాదారు నంబరుతో సహా, మెసేజ్‌లో రాయించుకోండి. ఫోనులో చెప్పిన హామీ రాత్రి డ్యూటీవాళ్లకు తెలియకపోవచ్చు.

పద్దెనిమిది నిండనివాళ్లను చాలా హాస్టళ్లు చేర్చుకోవు. ఫస్టియర్‌వాళ్ల ఆధార్‌లో పుట్టిన తేదీ ముందే చూడాలి. అమ్మాయిల గదికి లోపలి గడియ, సామానుకు తాళంపెట్టె ఉన్నాయా అన్నది ఫొటోలు చూసి కాక, అడిగి తేల్చుకోవాలి.