గోదాము పనికి ఏ సర్టిఫికెట్?

హైదరాబాద్ శివార్లలో మేడ్చల్ నుంచి శంషాబాద్ దాకా ఇప్పుడు ఎటు చూసినా గోదాములే. వాటిలో పికర్‌గా చేరి నాలుగైదేళ్లలో షిఫ్ట్ సూపర్‌వైజర్ అయినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పై మెట్టు ఎక్కాలంటే ఏదో ఒక సర్టిఫికెట్ కావాలని చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఏది కావాలన్నది మాత్రం మీరు రోజూ తీసుకునే నిర్ణయాన్ని బట్టి ఉంటుంది.

ప్రపంచమంతటా ఎక్కువగా వినిపించే పేరు సీపిమ్. 1957లో అమెరికాలో ఎపిక్స్ పేరుతో మొదలై, ఇప్పుడు ఏఎస్‌సీఎంగా మారిన సంఘం దీన్ని ఇస్తుంది. ఉత్పత్తి ప్రణాళిక, నిల్వల నిర్వహణ దీని విషయాలు. మొత్తం సరఫరా గొలుసుకు సీఎస్‌సీపీ, రవాణా, పంపిణీలకు సీఎల్‌టీడీ అని అదే సంఘానికి మరో రెండు సర్టిఫికెట్లు ఉన్నాయి.

సీపిమ్ చదివినవాళ్లకు ఏం వస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఒక సబ్బు రకం రోజుకు సగటున 40 పెట్టెలు పోతుంది. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 9 రోజులు పడుతుంది. అంటే ఈలోపు 360 పెట్టెలు కావాలి. కానీ అమ్మకం రోజూ ఒకేలా ఉండదు. ఆ హెచ్చుతగ్గుల కొలత, అంటే స్టాండర్డ్ డీవియేషన్, రోజుకు 12 పెట్టెలనుకోండి. నూటికి 95 సార్లు సరుకు అయిపోకుండా ఉండాలంటే దాన్ని 9 వర్గమూలమైన 3తో, ఆపైన 1.65తో గుణించాలి. సుమారు 60 వస్తుంది. ఇది సేఫ్టీ స్టాక్. నిల్వ 420కి దిగగానే కొత్త ఆర్డర్ పెట్టాలి.

ఈ లెక్కకు ఒక షరతు ఉంది. కంప్యూటర్ చూపే నిల్వ నిజమై ఉండాలి. సరుకు దించుకునేటప్పుడు 60 పెట్టెలు తక్కువొచ్చినా, చలాన్ చూసి పూర్తిగా వచ్చినట్టే జీఆర్ఎన్ వేసేశారనుకోండి. తెర మీద 420 కనిపించే రోజున ర్యాక్‌లో ఉండేవి 360 మాత్రమే. సేఫ్టీ స్టాక్ అంతా పోయినట్టే. సరుకు అయిపోయే అవకాశం నూటికి 5 నుంచి ఏకంగా 50కి చేరుతుంది. ప్రణాళిక వేసినవారి తప్పు ఇందులో లేదు. లోపం డాక్ దగ్గర జరిగింది, అది సైకిల్ కౌంట్‌లోగానీ బయటపడదు.

మన దేశపు సర్టిఫికెట్ల విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది. చెన్నై కేంద్రంగా పనిచేసే లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఒక్కో పనికి ఒక్కో ప్రమాణం పెట్టింది. సరుకు దించుకోవడం, పికింగ్, ప్యాకింగ్, నిల్వ లెక్కింపు వంటి పనుల్లో చేతి నైపుణ్యాన్ని పరీక్షిస్తారు. పని అనుభవంతోనే నేర్చుకున్నవాళ్ల కోసం ఆర్‌పీఎల్ అనే దారి కూడా ఉంది. దీర్ఘకాల కోర్సు లేకుండా, ఉన్న నైపుణ్యాన్నే పరీక్షించి గుర్తింపు ఇస్తారు. డిగ్రీ లేని పాత కార్మికుడికి ఇది పెద్ద ఆసరా. కాకపోతే దేశం దాటితే దీన్ని గుర్తుపట్టేవాళ్లు తక్కువ. గల్ఫ్‌కో అమెరికాకో చూపు ఉన్నవాళ్లకు సీపిమ్, సీఎస్‌సీపీలే నయం.

ఈ రెంటికీ మధ్యలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలు ఉన్నాయి. హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ దానికి శాఖలున్నాయి. కొనుగోళ్లు, స్టోర్స్ విభాగాల వాళ్లకు ఇవి బాగా కుదురుతాయి.

విదేశీ పరీక్ష చెప్పనివీ కొన్ని ఉన్నాయి. 50,000 రూపాయలు దాటిన సరుకును పంపాలంటే మామూలుగా ఈ-వే బిల్లు కావాలి. సాధారణ సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు లెక్క. మేడ్చల్ నుంచి విజయవాడకు రెండు రోజులన్నమాట. లారీ దారిలో ఆగిపోతే, గడువు ముగియడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటల లోపే పొడిగించుకోవాలి. డిస్పాచ్ చూసేవారికి ఇది తెలియకపోతే ఏ అంతర్జాతీయ సర్టిఫికెట్టూ ఆ లారీని కదిలించలేదు.

డబ్బు కట్టేముందు చూడాల్సిన తేడా మరొకటుంది. కోచింగ్ సెంటర్ ఇచ్చే 'కోర్సు పూర్తిచేశారు' అన్న కాగితం సీపిమ్ కాదు. ఇంగ్లీషులో మూడున్నర గంటల పరీక్ష రాసి నెగ్గితే ఏఎస్‌సీఎం స్వయంగా ఇచ్చేదే అసలుది. దాన్ని నిలుపుకోవడానికి ఐదేళ్లకోసారి 75 పాయింట్లు కూడా చూపాలి. దేశీయ కోర్సయితే నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్‌లో దాని కోడ్ ఉందో లేదో వెతకండి.

సీపిమ్ ఫీజు డాలర్లలో ఉంటుంది కాబట్టి ముందు ఒక పని చేసి చూడండి. మీ గోదాములో బాగా కదిలే సరుకు ఒకటి ఎంచుకుని, మూడు నెలల అమ్మకాలు తీసి, పైన చెప్పిన లెక్క కట్టండి. తర్వాత ర్యాక్ దగ్గరికెళ్లి పెట్టెలు స్వయంగా లెక్కపెట్టండి. తెర మీది అంకె, ర్యాక్‌లోని అంకె సరిపోయి ఉండి, ఆర్డర్ పెట్టే సమయమే తప్పుతోందంటే సీపిమ్ చదువు రేపటి నుంచే పనికొస్తుంది. ఆ రెండు అంకెలే కలవకపోతే ముందు పంపాల్సింది డాక్ మీద ఉన్న మనుషులను, స్కిల్ కౌన్సిల్ శిక్షణకు.