కార్డు కొనే ముందు మానిటర్ లెక్క

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి ఓ కుర్రాడు గ్రాఫిక్స్ కార్డు కోసం వెళ్లాడనుకుందాం. ఇంట్లో ఉన్నది 24 అంగుళాల మానిటర్, 1080పి, 144 హెర్ట్జ్. కౌంటర్ వెనక నుంచి ఒకటే మాట: "పెద్దది తీస్కో తమ్మీ, ఐదేండ్లు మళ్ల చూసుడే ఉండదు." ఆ పెద్దది 4కె తెరల కోసం చేసిన కార్డు. కుర్రాడి తెరకు అందులో సగం పని కూడా ఉండదు.

లెక్క చిన్నదే. 1080పి తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి, 1440పిలో 36.9 లక్షలు, 4కెలో 83 లక్షలు. వీటిని సెకనుకు ఎన్నిసార్లు గీయాలన్నది రిఫ్రెష్ రేటు చెబుతుంది. 1080పిలో 144 సార్లంటే దాదాపు 30 కోట్ల చుక్కలు. 1440పిలో అదే వేగానికి 53 కోట్లు కావాలి. 4కెలో 60 సార్లకు 50 కోట్లు చాలు. ఇది ఉజ్జాయింపు కొలత మాత్రమే, ఆటను బట్టి మారుతుంది. అయినా ఏ తెర ఎంత అడుగుతుందో దీంతో తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. రిజల్యూషన్ పెరిగితే భారం దాదాపుగా కార్డు మీదే పడుతుంది. ఫ్రేముల సంఖ్య పెరిగితే మాత్రం ప్రాసెసర్ కూడా పరిగెత్తాలి, ఎందుకంటే ప్రతి ఫ్రేముకూ ఆటలో ఎవరెక్కడ ఉన్నారో లెక్కగట్టి కార్డుకు అందించేది అదే. 144 ఫ్రేములకు సరిపడా సరుకు ప్రాసెసర్ అందించలేకపోతే ఎంత ఖరీదైన కార్డయినా ఖాళీగా కూర్చుంటుంది.

పాత కార్డుతోనే ఈ సంగతి ఇంట్లో తేల్చుకోవచ్చు. ఆటలో వీసింక్, ఫ్రేముల పరిమితి తీసేసి, రిజల్యూషన్‌ని 1080పి నుంచి 720పికి దించి ఒకే చోట ఫ్రేములు చూడాలి. 70 కాస్తా 115కి ఎగబాకితే ఇరుకు కార్డు దగ్గరే. కొత్తది కొంటే ఫలితం ఉంటుంది. 70 నుంచి 73 దగ్గరే ఆగితే డబ్బు పెట్టాల్సింది ప్రాసెసర్ మీద.

మన కుర్రాడు రోజూ ఆడేది వాలరెంట్. అది కార్డు కంటే ప్రాసెసర్‌నే ఎక్కువ అడుగుతుంది. సెలవుల్లో సైబర్‌పంక్ 2077 కూడా ఆడతాడు. అది బరువైనదే, కానీ కథ చుట్టూ నడిచే ఆటకు 144 అక్కర్లేదు. మానిటర్‌కి ఫ్రీసింక్ ఉంటే 80 ఫ్రేములకైనా తెర తన వేగాన్ని సర్దుకుంటుంది, బొమ్మ చిరిగినట్టు కనిపించదు. సెట్టింగులు అల్ట్రా నుంచి హైకి దించితే ఫ్రేములు బాగానే పెరుగుతాయి. ఆడుతున్నప్పుడు ఆ తేడా పట్టుకోవడం కష్టం. 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060ని ఎన్విడియా 1080పి ఆటల కార్డుగానే ప్రచారం చేసింది. ఇతనికి ఆ తరగతి సరిపోతుంది.

కార్డు బిగించాక మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టాలి. నవ్వులాటగా అనిపించినా తరచూ జరిగే పొరపాటే ఇది. తర్వాత విండోస్ 11లో Settings → System → Display → Advanced display తెరిచి చూడాలి. 144 హెర్ట్జ్ తెర అక్కడ 60లోనే ఉండిపోయిన ఇళ్లు తక్కువేం కాదు.